43 మార్కుల పేపరు: పోయిన 57 ఎక్కడికి పోయాయి?

దిద్దిన పేపరు చేతికి రాగానే ఎవరి కన్నయినా ముందు పై మూలకే పోతుంది. అక్కడ ఎర్ర సిరాతో 43 అని ఉంటే, లోపలి పేజీల్లో ఏం రాసి ఉన్నా ఇక కనపడదు. స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్పుకునేవాణ్ణి కాబట్టి ఈ దృశ్యం నాకు ఏటా మామూలే. పేపరు నాలుగు మడతలై సంచి అడుగుకు చేరుతుంది. మళ్లీ బయటికి రాదు.

1988లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు ఇజ్రాయెల్ బడిపిల్లల మీద చేసిన ప్రయోగం ఒకటుంది. పిల్లలు చేసిన పనికి కొందరికి మార్కులే ఇచ్చారు, కొందరికి వ్యాఖ్యలే ఇచ్చారు, ఇంకొందరికి రెండూ ఇచ్చారు. ఆ తర్వాత మెరుగుపడింది వ్యాఖ్యలు మాత్రమే అందుకున్నవాళ్లు. రెండూ అందుకున్నవాళ్లు దాదాపుగా ఉత్త మార్కులవాళ్ల దగ్గరే ఆగిపోయారు. అంకె పక్కనే ఉంటే వ్యాఖ్య పని చేయదన్నమాట. అందుకే నా దగ్గరికి పేపరు పట్టుకొచ్చేవాళ్లకు ముందు చెప్పేది ఒకటే: ఆ రోజు దాన్ని తెరవకండి. మర్నాడు పై మూల మీద ఓ చిన్న కాగితం అంటించి, అప్పుడు లోపలి పేజీలు తిప్పండి.

పోయినేడాది ఒక అమ్మాయి అలాంటి పేపరు తెచ్చింది. పది ప్రశ్నలు, ఒక్కోటి పది మార్కులు, మూడు గంటల సమయం. దిద్దింది నేను కాదు. "సార్, నాకీ సబ్జెక్టు అర్థం కాదు, అంతే" అంది. అర్థమైందా లేదా అన్నది తర్వాత చూద్దాం, ముందు పోయిన మార్కుల లెక్క తేలుద్దాం అన్నాను. తెల్లకాగితం మీద నాలుగు గడులు గీశాం: రాయకుండా వదిలేసినవి, విషయం తెలియక తప్పు రాసినవి, తెలిసినా వివరణ లేక పోయినవి, చేయి జారినవి. పోయిన ప్రతి మార్కునూ ఏదో ఒక గడిలో వేయాల్సిందే. గంట పట్టింది.

వదిలేసిన రెండు ప్రశ్నలకు 20 పోయాయి. వివరణ లేక 16, చేయి జారి 9. నిజంగా విషయం తెలియక పోయినవి 12 మాత్రమే. "అర్థం కాదు" అన్న తీర్పుకు 57లో దొరికిన ఆధారం అంతే.

ఆ 12లో ఎక్కువ భాగం ఒకే ప్రశ్నలో పోయాయి. ఒక జబ్బు వందలో ఒకరికి ఉంది. పరీక్ష రోగుల్లో 90 శాతం మందిని పట్టుకుంటుంది, ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో 10 శాతం మందికి కూడా పొరపాటున పాజిటివ్ చూపిస్తుంది. పాజిటివ్ వచ్చిన మనిషికి నిజంగా జబ్బుండే అవకాశం ఎంత? ఈ అమ్మాయి 90 శాతం అని రాసింది. వెయ్యి మందిని తీసుకుని చూడమన్నాను. రోగులు 10 మంది, వాళ్లలో పాజిటివ్ 9 మందికి. మిగతా 990 మందిలో పొరపాటు పాజిటివ్‌లు 99. మొత్తం 108 పాజిటివ్‌లలో అసలు రోగులు 9 మంది, అంటే దాదాపు 8 శాతం. రోగికి పాజిటివ్ రావడం, పాజిటివ్ వచ్చినవాడు రోగి కావడం ఒకటి కాదని అప్పుడు తెలిసింది. ఇది పాఠం మళ్లీ చదివితే పోయే తప్పు కాదు. చదువుతున్నంతసేపూ తెలిసినట్టే ఉంటుంది. పుస్తకం మూసేసి, అంకెలు మార్చిన లెక్కను ఖాళీ కాగితం మీద చేయగలిగితేనే తెలిసినట్టు.

ఇక ఖాళీగా వదిలిన రెండు. "టైము చాల్లేదు" అంది. ఎక్కడ చాల్లేదు? మూడు గంటల్ని పదింటికి పంచితే ఒక్కోదానికి 18 నిమిషాలు. ఆమెకు గుర్తున్నంతవరకు మొదటి ప్రశ్నకు 45 నిమిషాలు, నాలుగోదానికి 35 ఖర్చయ్యాయి. ఆ రెండిటి మీదే 44 నిమిషాలు అదనం. వదిలేసిన రెండిటికీ కలిపి కావలసింది 36. మొదటి ప్రశ్నకు మాత్రం పదికి తొమ్మిది వచ్చాయి! ఆ తొమ్మిది కొనడానికి చెల్లించిన ధర ఎంతో పై మూలలో అంకె చెప్పదు.

అన్నిటికంటే తిరకాసు వివరణ గడిలో ఉంది. మార్జిన్‌లో మూడుచోట్ల "వివరణ చాలదు" అని ఉంది. ఇంకా ఎక్కువ రాయాలన్నమాట అని ఆమె అప్పటికే నిర్ణయించేసుకుంది. ఆ నిర్ణయంతో తర్వాతి పరీక్షకు వెళ్తే ఏమయ్యేది? ఒక్కో జవాబూ పొడుగయ్యేది, ఈసారి రెండు కాదు, మూడు ప్రశ్నలు మిగిలిపోయేవి. దిద్దినవారినే అడగమని పంపాను. "మార్కులెందుకు తగ్గించారు" అని అడిగితే ఎవరైనా బిగుసుకుంటారు. "ఈ జవాబులో ఏ ఒక్క వాక్యం ఉండుంటే పూర్తి మార్కులు పడేవి?" అని అడగమన్నాను. జవాబు సూటిగా వచ్చింది: ఈ సూత్రం ఇక్కడ ఎందుకు వర్తిస్తుందో ఒక్క ముక్క రాస్తే చాలు. అంటే కావలసింది మరో పేజీ కాదు, ఒక వాక్యం. అరవయ్యో పేపరు దిద్దుతూ రాత్రి పదకొండింటికి "వివరణ చాలదు" అని గీకేసే తప్పు నేనూ చేస్తాను. దిద్దేవాడి బద్ధకం విద్యార్థి నెత్తిన ఎలా పడుతుందో ఆ రోజు తెలిసింది.

నాలుగు గడులూ ఒకేసారి సరిచేయబోతే ఏదీ నిలవదు. రెండే ఎంచుకున్నాం. 18 నిమిషాలు దాటితే సగంలో ఉన్నా పక్క ప్రశ్నకు వెళ్లిపోవడం ఒకటి, సూత్రం వాడిన ప్రతిచోటా ఆ ఒక్క వాక్యం రాయడం రెండోది. పాత ప్రశ్నపత్రాలతో, గడియారం ఎదురుగా పెట్టుకుని మూడుసార్లు సాధన చేసింది. చేయి జారిన వాటిని కావాలనే ముట్టుకోలేదు.

నిరుత్సాహం గురించి విడిగా ఏమీ మాట్లాడుకోలేదు. క్లూగర్, డెనీసి అనే ఇద్దరు 1996లో, ఫీడ్‌బ్యాక్ మీద అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూస్తే, మూడోవంతుకు పైగా సందర్భాల్లో ఫీడ్‌బ్యాక్ వల్ల పనితీరు తగ్గింది. చేస్తున్న పని నుంచి దృష్టి "నేనెలాంటివాణ్ణి" అన్నవైపు మళ్లినప్పుడు దాని ఫలితం పలచబడుతుందని వాళ్ల వివరణ. గడులు నింపుతున్న గంటసేపు ఆ అమ్మాయి "నాకు రాదు" అన్న మాట ఎత్తలేదు. పదహారు ఎలా వచ్చాయో కూడుకోవడంలో మునిగిపోయింది.

తర్వాతి పరీక్షలో 61 వచ్చాయి. ఈసారి కాగితం తనే గీసుకొచ్చింది. వదిలేసినవి లేవు. వివరణ లేక పోయినవి 5. వేగం పెరిగినందుకు చేయి జారినవి 9 నుంచి 14కు పెరిగాయి, అది అనుకున్నదే. తెలియక పోయినవి మాత్రం 12 నుంచి 20కి ఎక్కాయి. ముందు కంగారు పడ్డాను. పేపరు తిప్పి చూస్తే, ఆ 20లో సగానికి పైగా చివరి రెండు ప్రశ్నల్లోనే ఉన్నాయి. మొదటిసారి ఆ పాఠాల ప్రశ్నలనే ఖాళీగా వదిలేసింది కాబట్టి, వాటిలో ఏం తెలియదో ఆమెకూ తెలియదు, నా గడులకూ తెలియదు.