సీసా మూడు రోజులకే ఖాళీ, మందు పది రోజులు

నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతంలో, కలిగిరి పక్క పల్లె ఒకటి అనుకుందాం. పొగాకు బ్యారన్లు మండే కాలం. రెండో తరగతి చదివే ఏడేళ్ల పిల్లాడు సోమవారం బడి నుంచి వచ్చి అన్నం వద్దన్నాడు. మజ్జిగ కూడా గుటక పడటం లేదు. ఒళ్లు కాలిపోతోంది. అదే ఇంట్లో పన్నెండేళ్ల అక్కకూ గొంతు నొప్పే. ఆమెకు ముక్కు కారుతోంది, దగ్గు ఉంది, గొంతు బొంగురుపోయింది, జ్వరం మాత్రం లేదు. మన ఊళ్లలో ఎక్కువగా జరిగేదేమిటంటే, ఇద్దరికీ ఒకే మందు, మూడు రోజులకు. అక్కకు ఆ మందు అక్కర్లేదు. తమ్ముడికి అది చాలదు. ఈ రెండు తప్పుల గురించే ఈ మాటలు.

పిల్లల గొంతు నొప్పుల్లో ఎక్కువ భాగం వైరస్ వల్ల వచ్చేవే. వాటికి యాంటీబయాటిక్ పని చేయదు. వాటంతట అవే తగ్గుతాయి. మిగిలిన వాటిలో ముఖ్యమైనది స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా. ఇది ఐదు నుంచి పదిహేనేళ్ల పిల్లల్లో ఎక్కువ. ఏది ఏదో చూడగానే చెప్పలేం కాబట్టి డాక్టర్లు ఒక లెక్క వేస్తారు. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే ఒక మార్కు. దగ్గు లేకపోతే ఒకటి. దవడ కింద, మెడ ముందు భాగంలో బిళ్లలు కట్టి, నొక్కితే నొప్పి పుడితే ఒకటి. టాన్సిల్స్ వాచినా, వాటి మీద తెల్లటి చీము పొర కనిపించినా ఒకటి. వయసు మూడు నుంచి పద్నాలుగేళ్ల మధ్య ఉంటే ఇంకొకటి. దీనికి కావలసింది ఒక థర్మామీటర్, ఒక టార్చి, నాలుక నొక్కి చూసే పుల్ల. అంతే.

ఇప్పుడు ఆ ఇంటికే వద్దాం. అక్కకు వయసు మార్కు ఒక్కటే వచ్చింది. సున్నా, ఒకటి వస్తే పరీక్షా వద్దు, యాంటీబయాటిక్కూ వద్దు. పారాసెటమాల్, గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించడం చాలు. తమ్ముడికి జ్వరం 102, దగ్గు లేదు, దవడ కింద చెయ్యి పెడితే వెనక్కి జరుగుతున్నాడు, టార్చి వేస్తే ఎర్రటి టాన్సిల్స్ మీద తెల్ల చుక్కలు. వయసుతో కలిపి ఐదు. రెండు, మూడు వస్తే గొంతులోంచి దూది పుల్లతో నమూనా తీసి పరీక్ష చేయాలి. నాలుగు, ఐదు వస్తే పరీక్షకు వీలున్న చోట చేస్తారు, వీలు లేని చోట మందు మొదలుపెట్టేస్తారు. ఈ గొంతు నొప్పి తర్వాత వచ్చి గుండెను దెబ్బతీసే రుమాటిక్ జ్వరం ఇంకా కనబడే మన ప్రాంతంలో, పరీక్ష దొరకని పల్లెలో, మూడు దగ్గర కూడా డాక్టరు మందు వైపే మొగ్గితే మేం తప్పు పట్టం.

ఈ లెక్కకూ పరిమితి ఉంది. నాలుగు, ఐదు వచ్చిన పిల్లల్లోనూ స్ట్రెప్టోకాకస్ నిజంగా ఉండేది దాదాపు సగం మందిలోనే. అందుకే పరీక్ష చేసే వీలుంటే చేయడమే మేలు. నమూనాలోని బాక్టీరియాను పెంచి చూసే కల్చర్ ఫలితానికి ఒకటి రెండు రోజులు పడుతుందని టెన్షన్ పడక్కర్లేదు. గొంతు నొప్పి మొదలైన తొమ్మిది రోజుల్లోపు మందు మొదలుపెడితే రుమాటిక్ జ్వరాన్ని ఆపవచ్చు. సోమవారం మొదలైన నొప్పికి వచ్చే వారం మంగళవారం దాకా గడువు ఉన్నట్టే.

అసలు భయం గొంతు గురించి కాదు, ఆ రుమాటిక్ జ్వరం గురించే. మందు వేయకపోయినా ఈ నొప్పి వారంలోపు తగ్గిపోతుంది. మోసం అక్కడే ఉంది. బాక్టీరియా మీద పోరాడటానికి ఒళ్లు తయారుచేసుకున్న ఆయుధాలు, దాన్ని పోలిన మన సొంత కణజాలాన్నే శత్రువనుకుని దాడి చేస్తాయి. పిల్లాడు హాయిగా ఆడుకుంటున్న రెండు మూడు వారాలకు మోకాలు వాస్తుంది. అది తగ్గి చీలమండ, ఆ తర్వాత మోచెయ్యి. కీళ్ల నొప్పి పోతుంది గానీ గుండె కవాటం మీద పడ్డ దెబ్బ పోదు. ఆ పిల్లలకు మూడు, నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ ఏళ్ల తరబడి తప్పదు. కొందరికి కవాటం ఆపరేషనూ తప్పదు.

దీన్ని ఆపేది పెన్సిలిన్, దాని జాతికి చెందిన అమాక్సిసిలిన్. ఇన్ని దశాబ్దాలు వాడినా ఈ బాక్టీరియా పెన్సిలిన్‌కు లొంగకుండా పోలేదు. సరిగ్గా వాడితే రుమాటిక్ జ్వరం ముప్పు 70 శాతం దాకా తగ్గుతుందని పాత పరిశోధనలన్నీ కలిపి చూసిన లెక్క. కానీ పది రోజులు వాడాలి. జ్వరం రెండు మూడు రోజుల్లోనే దిగుతుంది, బాక్టీరియా మాత్రం గొంతులో మిగిలే ఉంటుంది. గుండెను కాపాడేది జ్వరం దిగడం కాదు, గొంతులో అది పూర్తిగా లేకుండా పోవడం.

మన పిల్లాడి బరువు 20 కిలోలు. కిలోకు 50 మిల్లీగ్రాముల లెక్కన రోజుకు 1000 మిల్లీగ్రాముల అమాక్సిసిలిన్. ఐదు మిల్లీలీటర్లలో 250 ఉండే సిరప్ అయితే పొద్దున పది, రాత్రి పది మిల్లీలీటర్లు. 60 మిల్లీలీటర్ల సీసా మూడు రోజులకు ఖాళీ. అప్పటికి జ్వరమూ ఉండదు. పొద్దున్నే బ్యారన్ పనికి వెళ్లే తల్లి, సీసా అయిపోయింది, బిడ్డ బాగున్నాడు, మందు పూర్తయింది అనుకోవడంలో ఆమె తప్పేముంది? పది రోజులకు కావలసింది 200 మిల్లీలీటర్లు, అంటే నాలుగు సీసాలు. ఆ మాట ఆమెకు ఎవరు చెప్పారు? నీళ్లు కలిపిన సిరప్ ఎక్కువ రోజులు నిలవ ఉండదు కాబట్టి ఒకటి అయ్యాకే ఇంకొకటి కలపాలని ఎవరు చెప్పారు?

పది రోజులు కుదరదనుకునే ఇళ్లకు ఒక దారి ఉంది. బెంజాథిన్ పెన్సిలిన్, తుంటి కండలోకి లోతుగా ఒకే ఒక్క ఇంజెక్షన్. 27 కిలోల లోపు పిల్లలకు ఆరు లక్షల యూనిట్లు, పైబడితే పన్నెండు లక్షలు. నొప్పి ఎక్కువే, కానీ రోజూ గుర్తుపెట్టుకునే పని ఉండదు. పెన్సిలిన్ అంటే రియాక్షన్ వస్తుందన్న భయంతో చాలా చోట్ల దీన్ని ముట్టుకోవడం లేదు. ప్రమాదకరమైన రియాక్షన్ అరుదు. ఇంతకుముందు పడలేదా అని అడిగి, రియాక్షన్ వస్తే వేసే అడ్రినలిన్ చేతికి అందేలా పెట్టుకుని, వేశాక కాసేపు కూర్చోబెడితే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వేయదగ్గ ఇంజెక్షనే ఇది. పెన్సిలిన్ నిజంగా పడని పిల్లలకు వేరే మందులున్నాయి, వాటిని డాక్టరే ఎంచాలి. నొప్పి తగ్గించే సూది, స్టెరాయిడ్ సూది వేసి పంపడం మాత్రం వైద్యం కాదు. దాంతో పిల్లాడు లేచి తిరుగుతాడు, బాక్టీరియా అలాగే ఉంటుంది. సెప్ట్రాన్ వంటి సల్ఫా మాత్రలు దీన్ని గొంతులోంచి తరిమేయలేవు.

జిల్లా వైద్య ఆరోగ్య శాఖను మేం అడిగేది పెద్ద ఖర్చుతో కూడింది కాదు. గొంతు నొప్పితో వచ్చిన ప్రతి బిడ్డ ఓపీ చీటీ మీద ఆ ఐదు మార్కుల లెక్క రాయించండి. ఒకటి వచ్చిన బిడ్డకు యాంటీబయాటిక్ ఇవ్వకుండా, ఎందుకు ఇవ్వడం లేదో చెప్పి పంపండి. మందు అవసరమైన బిడ్డకు నాలుగు సీసాలూ ఒకేసారి చేతిలో పెట్టండి. ఆరోగ్య కేంద్రాల ఫ్రిజ్‌లో బెంజాథిన్ ఉందో లేదో ఈ నెలలోనే చూడండి. సంక్షేమ హాస్టళ్లలో, ఒకే గదిలో పక్కపక్కన పడుకునే పిల్లల్లో ఇది త్వరగా పాకుతుంది. మందు మొదలయ్యాక ఒక రోజు గడిచేవరకు ఆ బిడ్డను విడిగా ఉంచమని వార్డెన్లకు చెప్పండి. చీటీ మీద మందు పేరు కింద ఇంకొక్క వరుస తెలుగులో రాయించండి. మన పిల్లాడికి మంగళవారం మొదలుపెడితే ఆ వరుస ఇలా ఉండాలి: 'వచ్చే వారం గురువారం రాత్రి దాకా వేయాలి, జ్వరం తగ్గినా ఆపకూడదు.'