స్పానిష్ మెయిల్ తెలుగులోంచి రాయండి, ఇంగ్లీషులోంచి కాదు

గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే ఆఫీసులో స్పానిష్ మెయిళ్లు చూసే పని నాది. మాకు కొనుగోలుదారులు స్పెయిన్‌లో ఉన్నారు, మెక్సికోలో ఉన్నారు. ఈ లైన్లో చాలామంది చేస్తున్న ఒక పొరపాటు గురించి ఇవాళ రాసి తీరాలనిపించింది.

నేను చేరిన కొత్తలో మా దగ్గర్నుంచి మెక్సికోలో సరుకు కొనే ఒకావిడకి మెయిల్ వెళ్లింది. తేజ మిర్చి శాంపిల్, దానితో కొటేషన్. రాసినాయన ముందు ఇంగ్లీషులో రాసుకుని, ఒక్కో ముక్కా స్పానిష్‌లోకి మార్చారు. డియర్ అని ఉంది కాబట్టి 'కెరీదా' అని పెట్టి, ఆవిడ పేరు రాశారు. తర్వాత 'ఎస్పెరో కే ఎస్తేస్ బియెన్', బాగున్నావనుకుంటాను అని. ఆ వెంటనే 'లే అద్హుంతో' అంటూ కొటేషన్ జత చేస్తున్నామన్నారు. చివర్లో 'ఉన్ అబ్రాసో', అంటే కౌగిలింత. ఆవిడతో మాకు అంతకు ముందు ఒక్క ఫోన్ కాల్ పరిచయం, అంతే.

ఇదే మెయిల్ తెలుగులో వచ్చిందనుకోండి. "ప్రియమైన సుజాతా, బాగున్నావనుకుంటాను. మీకు కొటేషన్ పంపిస్తున్నాము, దయచేసి పరిశీలించగలరు. కౌగిలింతలతో." మీ ఆఫీసుకి మొదటిసారి సరుకు అమ్మాలనుకునే మనిషి ఇలా రాస్తే మీకెలా ఉంటుంది? ఆ మెక్సికో ఆవిడ నుంచి నాలుగు రోజులకు ఒక లైన్ జవాబొచ్చింది. అందిందని, కింద 'అతెంతామెంతే' అని. అంటే 'భవదీయులు' లాంటిది. అది మర్యాదే. కానీ తలుపు సగం వేసినట్టుండే మర్యాద.

నాకు బాధ ఎక్కడంటే, ఈ తప్పు చేయడానికి మనకు కారణమే లేదు. ఇంగ్లీషులో ఉన్నది ఒకటే 'యూ'. స్పానిష్‌లో మనలాగే రెండున్నాయి. 'తూ' అంటే నువ్వు, 'ఉస్తెద్' అంటే మీరు. ఉస్తెద్ పుట్టిందే 'వుయెస్త్రా మెర్సెద్' నుంచి, అంటే 'తమరి దయ' లాంటి మాట. అందుకే దానికి క్రియ 'ఆయన, ఆవిడ'కు వాడే రూపంలోనే వస్తుంది. మనకిది కొత్తా? 'వారు వచ్చారు', 'మీరు వచ్చారు', క్రియ ఒకటే కదా! ఇంత దగ్గరగా ఉన్న భాషని ఇంగ్లీషు మీదుగా తిప్పుకుని వెళ్లి, దారిలో ఆ తేడాని పారేసుకుంటున్నాం.

ఇక్కడ ఒక చిక్కుంది. స్పానిష్‌లో ఆ మాట చాలాసార్లు పైకి కనపడదు, క్రియ చివర దాక్కుంటుంది. 'ఎస్తేస్ బియెన్' అంటే నువ్వు బాగుండటం, 'ఎస్తే బియెన్' అంటే మీరు బాగుండటం. తేడా చివర ఒక్క 'స్'. మా మెయిల్లో ఆ ఒక్క అక్షరం నువ్వు అంది, తర్వాతి వాక్యంలో 'లే' మీరు అంది. చదివేవాళ్లకి గుచ్చుకునేది ఆ కలగాపులగమే. మెయిల్ పంపే ముందు నేను ఇప్పటికీ వేరే ఏదీ చూడకముందు క్రియల చివర్లు, నీకు అనే 'తే', మీకు అనే 'లే', నీ అనే 'తు', మీ అనే 'సు' చూస్తాను. మొదటి నుంచి చివరి దాకా ఒకే వైపు ఉన్నాయా లేదా అని.

సరే, తర్వాతి మెయిల్ నేను రాశాను. పలకరింపు 'ఎస్తిమాదా లిసెన్సియాదా', దాని పక్కన ఇంటిపేరు. ఎస్తిమాదా అంటే గౌరవనీయులైన. కెరీదా ఇంట్లోవాళ్లకి, స్నేహితులకి. లిసెన్సియాదా డిగ్రీ చదివినవాళ్లని పిలిచే బిరుదు. మెక్సికోలో దీన్ని పట్టించుకుంటారు, ఇంజనీరైతే 'ఇన్హెనియెరో' అంటారు. స్పెయిన్‌కి రాసేటప్పుడు ఇవి అక్కర్లేదు, మన శ్రీ, శ్రీమతి లాంటి 'సెన్యోర్', 'సెన్యోరా' చాలు. పలకరింపు తర్వాత కామా కాదు, రెండు చుక్కలు పెట్టాలి. కామా ఇంగ్లీషు అలవాటు.

ఇంటిపేరు దగ్గర మనవాళ్లు మళ్లీ తడబడతారు. వాళ్లకి రెండుంటాయి, మామూలుగా ముందు తండ్రిది, తర్వాత తల్లిది. పిలిచేటప్పుడు మొదటిది వదలకూడదు. నోబెల్ రచయిత గాబ్రియెల్ గార్సియా మార్కెస్‌ని గార్సియా మార్కెస్ అనాలి, ఉత్త మార్కెస్ అనకూడదు. ఆడా మగా అన్నదీ చూసుకోవాలి: హొసే మరియా మగవాళ్ల పేరు, మరియా హొసే ఆడవాళ్ల పేరు. వాళ్ల అవస్థ కూడా అర్థం చేసుకోవాలి. మన పేర్లు చూసి నేను ఆడో మగో వాళ్లకి తెలియదు. నాకు మొదట్లో 'ఎస్తిమాదో సెన్యోర్' అనే వచ్చేది. సంతకంలో పేరు పక్కన సెన్యోరా అని రాయడం మొదలుపెట్టాక ఆగింది.

మరి ఇన్ని మర్యాదల మధ్య ఆప్యాయత ఎక్కడ? పిలుపు కింద వచ్చే వాక్యంలో. నేను రాసింది రెండు మాటలు: మీరు కుశలమని తలుస్తాను, గురువారం కాల్‌లో మా కోసం సమయం ఇచ్చినందుకు, తొడిమ తీసిన మిర్చి గురించి మీరడిగిన ప్రశ్నకు ధన్యవాదాలు. 'ఎస్తే'తోనే, ఉస్తెద్‌తోనే. ఆ రెండో మాట ఆవిడకి తప్ప ఇంకెవరికీ రాయలేనిది. మన ఊళ్లో పెద్దావిడని "అమ్మగారూ, మోకాలి నొప్పి తగ్గిందాండీ" అని అడిగితే మర్యాద తగ్గిందా? 'మీరు' అంటే దూరం అనుకునే వాళ్లకి మీరు అనే మాట ఎప్పుడూ ప్రేమగా వినపడలేదేమో.

ముగింపులో 'కేదో ఆ సుస్ ఓర్దెనెస్' అన్నాను. మీ ఆజ్ఞకు సిద్ధంగా ఉన్నాను అని అక్షరార్థం, మెక్సికోలో ఇది రోజువారీ మర్యాద. స్పెయిన్‌కైతే 'కేదో ఆ సు దిస్పొసిసియోన్', మీకు అందుబాటులో ఉంటాను అంటాను. మీ జవాబు కోసం చూస్తుంటాను అనే అర్థంలో 'కేదో అతెంతా' అని కూడా రాయొచ్చు, కానీ మగవాళ్లు 'అతెంతో' అనాలి. మా ఆఫీసులో నా మెయిల్ కాపీ చేసి పంపిన అబ్బాయి ఆడపిల్లలా సంతకం పెట్టాడు. ఆఖరి లైన్ 'గుంటూరు నుంచి హృదయపూర్వక నమస్కారం స్వీకరించండి'. స్పానిష్‌లో 'రెసీబా ఉన్ కోర్దియాల్ సలూదో దెస్దే గుంటూర్'. ఊరి పేరు నేను కావాలనే పెట్టాను. ఒక్క మాటతో ఆ లైన్ నాదైంది.

ఆ మెయిల్‌కి జవాబు మర్నాడే వచ్చింది. మూడు పేరాలు, శాంపిల్ గురించి నాలుగు ప్రశ్నలు.

చనువు ఎప్పుడు తీసుకోవాలని చాలామంది అడుగుతారు. అది కొనేవాళ్లు మొదలుపెట్టాలి, అమ్మేవాళ్లం కాదు. ఆవిడ మొదటి పేరుతో మాత్రమే సంతకం పెట్టిన రోజు నేను ఎస్తిమాదా పక్కన మొదటి పేరు రాశాను, కానీ ఉస్తెద్ వదల్లేదు. మన 'సుజాత గారూ, మీరు' లాగా. కొన్ని నెలలకు ఆవిడే నాకు 'తే' అని రాశారు. అప్పుడు నేనూ తూలోకి దిగాను, పలకరింపు హలో లాంటి 'ఓలా' అయింది.

తర్వాత ఒక కన్సైన్‌మెంట్ డబ్బు ఆలస్యమైంది. టెన్షన్‌లో మా వాళ్లు మళ్లీ 'సెన్యోరా' అని బిగుసుకుపోయిన మెయిల్ తయారు చేశారు. నేను ఒప్పుకోలేదు. మీరు నుంచి నువ్వుకి వచ్చిన మనిషిని మళ్లీ మీరు అంటే అది అలక కాదు, తెగతెంపులు. ఓలా అలాగే ఉంచి, మధ్యలో ఇన్వాయిస్ నంబరు, గడువు తేదీ, ఎన్ని రోజులైందో సూటిగా రాసి, ఏ రోజుకి పంపగలవో చెప్పమని అడిగాను. ఆవిడ తేదీ చెప్పారు, ఆ తేదీకి డబ్బు వచ్చింది. ఆ జవాబు చివర్లో 'ఉన్ అబ్రాసో' ఉంది. ఈసారి రాసింది ఆవిడ.