కారే నీళ్లకు జరిమానా, ఎక్కే పొగకు స్వాగతం

గౌరవనీయులైన అపార్ట్‌మెంటు కమిటీ పెద్దలకు,

హనుమకొండలోని మన భవనం నాలుగో అంతస్తు నుంచి నమస్కారాలు.

ముందుగా అభినందనలు. బాల్కనీ కడిగిన నీళ్లు కింది వాళ్ల మీద పడితే 500 రూపాయల జరిమానా అని మీరు పెట్టిన నిబంధన భేషుగ్గా పనిచేస్తోంది. రెయిలింగు మీద తడి తువ్వాలు కనిపిస్తే చాలు, వాచ్‌మన్ ఫొటో తీసి మీకు పంపుతున్నాడు. మన భవనంలో కిందికి జారే ప్రతిదానికీ ఒక నియమం ఉంది. పైకి ఎక్కేదాన్ని మాత్రం దేవుడికే వదిలేశారు.

మూడో అంతస్తు నుంచి మా ఇంట్లోకి వచ్చే సిగరెట్ పొగ గురించి నేను చేసిన ఫిర్యాదుపై మీరు జరిపిన తనిఖీ చిరస్మరణీయం. మూడో అంతస్తు వారు ఆఫీసుకు వెళ్లాక, పట్టపగలు పదకొండు గంటలకు వచ్చి, గట్టిగా ఊపిరి పీల్చి, ‘వాసన కనబడలేదు’ అని రాసుకున్నారు. సాయంత్రం రండి. మన బాల్కనీలు పడమటి వైపున్నాయి. వరంగల్ ఎండకు మధ్యాహ్నమంతా కాగిన గోడ పొద్దు వాలినా చల్లారదు. ఆ వేడికి గోడను ఆనుకున్న గాలి పైకి లేస్తుంది. సరిగ్గా ఆ వేళకే ఆయన సిగరెట్ వెలిగిస్తారు. పొగ ఆయన స్లాబు అంచు దాటి, గోడ వెంట ఎక్కి, మా బాల్కనీలో దిగుతుంది. మన లిఫ్టు కంటే నమ్మకమైన ప్రయాణం.

అంతటితో ఆగితే తలుపు మూసుకుని బతికేవాళ్లం. కానీ అది వంట వేళ కూడా. వంటింట్లో ఎగ్జాస్టు ఫ్యాను తిరుగుతుంటుంది. అది బయటికి నెట్టినంత గాలి మరో దారిన ఇంట్లోకి రావాలి కదా. వంటింటి కిటికీ మూసి ఉంటే బాల్కనీ తలుపు సందులే ఆ దారి. నమ్మకం లేకపోతే ఒక అగరుబత్తి చాలు. వెలిగించి ఆ సందు దగ్గర పట్టుకుంటే, ఫ్యాను ఆపినప్పుడు పొగ తిన్నగా పైకి పోతుంది. ఫ్యాను వేయగానే ఇంట్లోకి వంగుతుంది. వంటింటి కిటికీ తెరిస్తే ఆ వంపు తగ్గుతుంది. కాబట్టి కిటికీ తెరిచే వండుతున్నాం. తగ్గింది, పోలేదు. పోపు వాసనలో పొగాకు కలిసే వస్తోంది.

మీరు చెప్పిన నివారణోపాయాలకూ కృతజ్ఞతలు. దోమల వల బిగించుకోమన్నారు. దాని కన్నం ఇంచుమించు ఒక మిల్లీమీటరు. పొగ రేణువుల్లో ఎక్కువ భాగం అందులో వెయ్యో వంతు కూడా ఉండవు. ఆ వల దోమను ఆపుతుంది, పొగకు తోరణం కడుతుంది. సువాసన స్ప్రే కొట్టమన్నారు. అప్పుడు మల్లెపూల పొగ పీలుస్తాం, అంతే తేడా.

మూడో అంతస్తు ఆయన చెడ్డవారేమీ కాదు. ఇంట్లో చంటిపాప ఉందని బాల్కనీలోకి వచ్చి, తలుపు జాగ్రత్తగా మూసి మరీ కాలుస్తారు. తన పాపకు హాని అని తెలిసిన తండ్రికి, పైన మా పాప ఉందన్న సంగతి మాత్రం తట్టదు. అసలాయన బాల్కనీకి మారింది మీ పుణ్యమే. ఇదివరకు కింద సెల్లారు గేటు బయట, రోడ్డువారగా నిలబడి కాల్చేవారు. ‘ఆవరణలో, గేటు వద్ద పొగ తాగరాదు’ అని మీరు బోర్డు పెట్టారు. ఆయన నియమం పాటించే మనిషి. వెంటనే పాటించి, మా కిందికి వచ్చేశారు.

చట్టం సంగతీ నాకు తెలుసు. 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టం బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడాన్ని నిషేధిస్తుంది, జరిమానా 200 రూపాయల వరకు. సొంత బాల్కనీ దాకా ఆ చట్టం రాదు. అందుకే మీ దగ్గరికి వచ్చాను. నీళ్ల నియమాన్ని మీరు ఢిల్లీని అడిగి రాయలేదు కదా, సర్వసభ్య సమావేశంలో చేతులెత్తించి బైలాలో చేర్చారు. పైగా దేశం వేసే జరిమానా కంటే మీది రెండున్నర రెట్లు.

నేను ఆయనను సిగరెట్ మానమనడం లేదు. మన భవనంలో పైన ఎవరి బాల్కనీ, కిటికీ లేని చోటు ఒకటే ఉంది, అది డాబా. నీళ్ల ట్యాంకుల అవతలి మూల నిలబడి కాలిస్తే పొగ ఎవరి వంటింట్లోకీ రాదు. మెట్ల గది తలుపు మాత్రం మూసి ఉంచాలి, లేకుంటే అది మెట్ల దారిలో దిగి వస్తుంది. అయితే వడియాలు ఆరబెట్టే విషయంలో ఐదో అంతస్తు వారి మధ్య తగాదా వచ్చిన నాటి నుంచి డాబాకు మీరు తాళం వేశారు. కాబట్టి వచ్చే సమావేశం ఎజెండాలో రెండు అంశాలు చేర్చగలరు: బాల్కనీ నియమంలో ‘నీరు’ పక్కన ‘పొగ’ అనే మాట, మూడో అంతస్తు వారికి డాబా తాళం చెవి ఒకటి. రెండో తాళం చెవి చేయించే ఖర్చు నేను భరిస్తాను.

ఇట్లు,
నాలుగో అంతస్తు నివాసి

తా.క.: సమావేశం సాయంత్రం ఆరున్నరకు మా ఇంట్లోనే పెట్టుకోవచ్చు. ఎగ్జాస్టు ఫ్యాను వేసే ఉంచుతాను.