గేటు దగ్గర ఏడుపు, గదిలో బిస్కెట్

జూన్ రెండో వారంలో మా నర్సరీ గేటు ముందు నుంచి వెళ్ళేవాళ్ళు ఇది బడి అనుకోరు. లోపల పిల్లలకి ఇంజెక్షన్లు వేస్తున్నారనుకుంటారు. కాకినాడ ఎండలో, తొమ్మిదింటికే, ఇరవై మంది మూడేళ్ళ వాళ్ళు ఒక్కసారి గొంతెత్తితే పక్క వీధి టిఫిన్ సెంటర్‌లో పెసరట్టు తింటున్నవాళ్ళు కూడా లేచి చూస్తారు.

ఈ ఏడుపులో వరసలుంటాయి. మొదట మాటలతో వస్తుంది: "నాన్నా, ఇంటికెళ్ళిపోదాం నాన్నా." తర్వాత మాటలు రాలిపోయి ఒట్టి రాగం మిగులుతుంది. ఆ రాగం మధ్యలో చిన్న చిన్న విరామాలు మొదలవుతాయి. ఆ విరామంలో వాడు ఎటు చూస్తున్నాడో మేం చూస్తాం. గేటు వైపు చూస్తే నాన్న ఉన్నాడా లేడా అని చూసుకుంటున్నట్టు. పక్కవాడి చేతిలో బొమ్మ లారీ వైపు చూశాడంటే ఇక పని అయిపోయింది, వెక్కిళ్ళే తరువాయి. వెక్కిళ్ళు పెడుతూనే లారీ తోస్తాడు.

ఇదంతా నాలుగైదు నిమిషాల వ్యవహారం, నాన్న వెళ్ళిపోతే. చిక్కల్లా ఆ నాన్న వెళ్ళడం దగ్గరే వస్తుంది.

మా బుజ్జిగాడి నాన్నగారు బ్యాంకులో క్యాషియరు. రోజూ లక్షలు లెక్కపెట్టి ఎవరివి వాళ్ళకి ఇచ్చేస్తారు. కొడుకుని మాత్రం ఇవ్వలేరు. బుజ్జిగాడు రెండు కాళ్ళూ ఆయన నడుము చుట్టూ వేసి, చొక్కా కాలరు పిడికిట్లో బిగించి, మొహం మెడలో దాచేస్తాడు. ఒక చెయ్యి విడదీస్తే ఇంకోటి పట్టుకుంటుంది. "ఒక్క నిమిషం ఉండి వెళ్తాలెండి టీచర్, వాడు కాస్త సర్దుకుంటాడు" అంటారాయన. వాడెందుకు సర్దుకుంటాడు? ఏడిస్తే నాన్న ఆగుతున్నాడు. ఆగితే ఇంకాస్త ఏడవాలి. ఆ వయసు ఏడుపు ఉన్నదే వెళ్ళేవాణ్ణి వెనక్కి పిలవడానికి. పిలుపు పనిచేస్తున్నంతసేపూ ఎవరు మానుకుంటారు?

ఈ బెంగ ఎనిమిదో నెల ప్రాంతంలో మొదలై, ఏడాదీ ఏడాదిన్నర మధ్య ముదిరి, మూడేళ్ళకి చాలామందిలో సన్నగిల్లుతుంది. సరిగ్గా ఆ తోకముక్క మిగిలి ఉన్నప్పుడే మనం నర్సరీలో చేర్పిస్తాం. కాబట్టి వాడు నటిస్తున్నాడనడం అన్యాయం. నిజంగానే ఏడుస్తాడు. కాకపోతే అది ఒక మనిషికి వినిపించాలని ఏడ్చే ఏడుపు. ఆ మనిషి కనుమరుగైతే, వాడు దగ్గర్లో ఉన్న పెద్దవాళ్ళలో ఎవరు పనికొస్తారా అని వెతుక్కుంటాడు.

పనికొచ్చేది మా ఆయమ్మ. ఆవిడ చేతులు విడదీయదు, లాగదు. రంగు దిమ్మెలున్న పెద్ద డబ్బా తెచ్చి, "బాబూ, ఇది నాకు బరువుగా ఉందమ్మా, లోపల పెట్టేసి రావా" అంటుంది. డబ్బా పట్టుకోవాలంటే రెండు చేతులూ కావాలి. రెండు చేతులూ డబ్బాకిస్తే కాలరుకి చేతులుండవు. బుజ్జిగాడు ఏడుస్తూనే డబ్బా మోశాడు. ఆయమ్మ భుజం మీదుగా వెనక్కి తిరిగి, "మీరిక ఎళ్ళండి బాబూ" అని కళ్ళతోనే చెప్పింది.

ఆయన వెళ్ళారు. వెళ్ళి గోడ చుట్టూ తిరిగి మా గది వెనక కిటికీ దగ్గర తేలారు. కిటికీ ఎత్తు. ఆయన పొట్టి. అక్కడ పడున్న పాత ఇటుకలు పేర్చుకుని, ఎక్కి, వేళ్ళ మీద నిలబడి ఒక కన్ను లోపలికి పెట్టారు. లోపల కొడుకు ఏడుపు ఎప్పుడో ఆపేసి, బిస్కెట్ నోట్లో పెట్టుకుని, పక్క పాపకి దిమ్మెలతో రైలు కట్టి చూపిస్తున్నాడు. నవ్వుతున్నాడు కూడా.

అప్పుడే ఆయన ఫోను మోగింది. ఇంట్లో ఆ రింగ్‌టోన్ వినిపిస్తే ముందు పరిగెత్తి ఫోను అందుకునేది బుజ్జిగాడేనట. బిస్కెట్ కింద పడింది. "నాన్న ఫోనూ!" అన్నాడు. తల తిప్పేసరికి కిటికీలో ఒక కన్ను. అంతే, మొదటి నుంచి మొదలు. ఈసారి వాడొక్కడే కాదు, అప్పుడే సర్దుకున్న మిగతావాళ్ళకి తమ అమ్మానాన్నలు గుర్తొచ్చి గదంతా అందుకున్నారు. కంగారులో ఇటుకలు జారాయి, ఆయన కింద పడ్డారు. చప్పుడికి పరిగెత్తుకొచ్చిన వాచ్‌మన్ దొంగనుకుని చొక్కా కాలరు పట్టుకున్నాడు. పొద్దుట్నుంచీ ఆ కాలరుకి తెరిపి లేదు.

దెబ్బ పెద్దది కాదు. మోకాలికి దూది పెడుతుంటే ఆయన మెల్లగా అడిగారు: "టీచర్, వాడు నవ్వుతున్నాడేంటండీ? నేను వెళ్ళి పది నిమిషాలు కూడా కాలేదు." అందులో సంతోషం పావలా వంతు, చిన్నబుచ్చుకోవడం ముప్పావలా.

చెప్పాల్సింది చెప్పాను. దొంగచాటుగా జారుకోవద్దు, అలా చేస్తే మర్నాటి నుంచి గేటు కనపడగానే పట్టు ఇంకా బిగుస్తుంది. ఒక ముద్దు, ఒక టాటా, ఒకే మాట, తర్వాత వెనక్కి చూడకూడదు. "పన్నెండున్నరకి వస్తా" అంటే వాడికి గడియారం తెలీదు. "అన్నం తిన్నాక, బెల్లు కొట్టాక అమ్మ వస్తుంది" అంటే తెలుస్తుంది, ఆ మాట తప్పకూడదు. వారంలో ఏడుపు తగ్గినా సోమవారం మళ్ళీ వస్తుంది, పండగ సెలవుల తర్వాతా వస్తుంది, దానికి ఖంగారొద్దు. మాకు నిజంగా టెన్షన్ పెట్టేది గేటు దగ్గర గోల చేసేవాడు కాదు. పొద్దున్నుంచీ నోరు మెదపకుండా మూల కూర్చుని, టిఫిన్ డబ్బా మూత కూడా తీయనివాడు. వాడి సంగతి ఇంట్లోవాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడాల్సిందే.

మధ్యాహ్నం వాళ్ళమ్మ వచ్చింది. అప్పటిదాకా జారుడుబండ దిగనన్నవాడు ఆవిణ్ణి చూడగానే పెదవి విరిచి భోరుమన్నాడు. "రోజంతా ఇలాగే ఏడ్చాడా టీచర్?" అని ఆవిడ కళ్ళలో నీళ్ళు. అమెరికాలోని బాల్టిమోర్‌లో మేరీ ఐన్స్‌వర్త్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఏడాది పిల్లల్ని గదిలో ఉంచి, తల్లుల్ని మూడేసి నిమిషాలు బయటికి పంపి చూసింది. వెళ్ళినప్పుడు ఎంత ఏడ్చారన్నదానికంటే, తల్లి తిరిగొచ్చినప్పుడు ఏం చేశారన్నదే ఆవిడ ముఖ్యంగా రాసుకుంది. అమ్మ ఒళ్ళోకెళ్ళి ఏడ్చి, కాసేపటికి దిగి మళ్ళీ ఆడుకునేవాళ్ళ బంధం గట్టిదంది. మా వాడూ అమ్మ భుజం మీద నాలుగు వెక్కిళ్ళు పెట్టి, మళ్ళీ జారుడుబండ కావాలన్నాడు.

మర్నాడు నాన్నగారు ఒక ముద్దు, ఒక టాటాతో ముగించి నడిచి వెళ్ళిపోయారు. వీధి మలుపు తిరిగాక ఫోను: "ఒక్క ఫొటో పెట్టండి టీచర్." బుజ్జిగాడు నోటినిండా బిస్కెట్‌తో నవ్వుతున్న ఫొటో పంపాను. ఆయన దాన్ని వాళ్ళ ఫ్యామిలీ గ్రూపులో పెట్టారట. అమలాపురం నుంచి నాయనమ్మ గారి జవాబు నిమిషంలో వచ్చిందట: "ఏడ్చి ఏడ్చి బుగ్గలెలా వాచిపోయాయో చూడరా, ఈ వేళే తీసుకొచ్చెయ్."