ప్రమాదం బావి అడుగున కాదు, పైకి వచ్చే దారిలో

ఉమ్మడి వరంగల్ జిల్లా వ్యవసాయ బావుల్లోనూ, కరీంనగర్ వైపు నీళ్లు నిండిన గ్రానైట్ క్వారీ గుంతల్లోనూ ఎండాకాలం పిల్లలు పందెం కట్టి అడుగు మట్టి తెచ్చే ఆట ఆడతారు. ఈత బాగా వచ్చినవాడు అందులో మునిగిపోతే నాచు చుట్టుకుందనో ఊబిలో దిగబడ్డాడనో అనుకుంటాం. కొన్నిసార్లు అదే నిజం కావచ్చు. కానీ ఏ అడ్డూ లేకుండానే స్పృహ తప్పించే కారణం ఒకటుంది, దాన్ని మన ఊళ్లలో ఎవరూ చెప్పడం లేదు.

పది మీటర్ల నీరు దాదాపు ఒక వాతావరణ పీడనాన్ని అదనంగా మోపుతుంది. పైన ఆరు లీటర్లున్న ఊపిరితిత్తుల గాలి ఆ లోతున మూడు లీటర్లకు కుదించుకుపోతుంది, అందులోని ఆక్సిజన్ పీడనం రెట్టింపవుతుంది. ఊపిరి బిగబట్టిన కుర్రవాడు అడుగున ఉండగా గాలిలో ఆక్సిజన్ నాలుగు శాతానికి తగ్గిందనుకుందాం. నీటి ఆవిరి వాటా తీసేస్తే దాని పీడనం పాదరస మట్టంలో సుమారు 59 మిల్లీమీటర్లు ఉంటుంది, మెదడుకు ఇంకా సరిపోతుంది. అదే గాలి పైకొచ్చేసరికి వ్యాకోచించి 29కి పడిపోతుంది. 30 దగ్గర స్పృహ నిలవడమే కష్టం; పైకి ఈదేటప్పుడు కండరాలు వాడుకున్నది ఈ లెక్కలో చేరనే లేదు. చివరి కొద్ది మీటర్లలో ఊపిరితిత్తుల ఆక్సిజన్ పీడనం వాటిలోకి వచ్చే రక్తంలోని పీడనం కంటే తగ్గితే, రక్తమే తన ఆక్సిజన్‌ను ఊపిరితిత్తులకు తిరిగి ఇచ్చేస్తుంది.

ముఖం చల్లటి నీటిలో మునగగానే గుండె వేగం తగ్గి, కాళ్లూ చేతుల రక్తనాళాలు ముడుచుకుని, రక్తం మెదడుకూ గుండెకూ మళ్లుతుంది. దీనివల్ల నిల్వ కొంతసేపు ఎక్కువ వస్తుంది గానీ, పైకొచ్చేటప్పటి ఈ పతనాన్ని అది ఆపలేదు.

మరి ముందే ఊపిరి ఆడక బయటికి ఎందుకు రాడు? ఆ తపన పుట్టించేది ప్రధానంగా పేరుకునే కార్బన్ డయాక్సైడ్, ఆక్సిజన్ కొరత కాదు. దూకే ముందు గబగబా పీల్చి వదిలితే కార్బన్ డయాక్సైడ్ బాగా తగ్గుతుంది. రక్తం ముందే 97 శాతం నిండి ఉంటుంది కాబట్టి ఆక్సిజన్ పెద్దగా పెరగదు. హెచ్చరిక మాత్రం ఆలస్యమవుతుంది. పెద్దలు నేర్పే "బాగా గాలి పీల్చుకుని దూకు" అన్న సలహాలో నాకు భయంగా కనిపించేది ఇదే. 'లోతైన నీరు' అన్న బోర్డు దీన్ని చెప్పదు.

ఇలా స్పృహ తప్పినవాడు కేక వేయడు, చేతులు కొట్టుకోడు. పైకొచ్చి ఒక శ్వాస తీసుకున్నాక కూడా, ఆ ఆక్సిజన్ మెదడుకు చేరేలోపు, స్పృహ తప్పవచ్చు. అందుకే ఒకరు మునిగితే మరొకరు గట్టున ఉండి, తల పైకొచ్చాక కనీసం అర నిమిషం అతని ముఖాన్నే చూడాలి. చూపు నిలిచిపోయినా, మెడ వాలినా వెంటనే ముఖం నీటి పైకెత్తి గట్టుకు చేర్చాలి. శ్వాస లేకపోతే కడుపు నొక్కి నీళ్లు కక్కించే ప్రయత్నం మాని, నోటితో ఊపిరి ఇవ్వడం మొదలుపెట్టి, స్పందన లేకుంటే ఛాతీ నొక్కుతూ 108కి ఫోన్ చేయించాలి.