పేరు కొట్టేస్తే చాలదు, మనిషి దొరక్కూడదు

గురుకులంలో తిండి మీద ఫిర్యాదు, ఆపై విచారణ, ఆ రిపోర్టు కోసం ఆర్టీఐ దరఖాస్తు: ఈ వరస ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ పాఠకులకు కొత్త కాదు. రిపోర్టు బయటికి ఇవ్వాల్సిందే. ఇచ్చేముందు, నోరు విప్పిన పిల్లలెవరో తెలియకుండా చేయాల్సిందే. చాలాచోట్ల పేరు మీద నల్లగీత గీసి అయిపోయిందనుకుంటున్నారు. అక్కడే పిల్ల దొరికిపోతుంది.

దేవరకొండ వైపు ఒక బాలికల గురుకులం అనుకుందాం. వాంగ్మూలంలో పేరు కొట్టేశారు. మిగిలింది ఇది: ‘తొమ్మిదో తరగతి, ఫలానా తండా, తండ్రి హైదరాబాద్‌లో ఆటో నడుపుతాడు, అక్క ఇక్కడే ఇంటర్ చదువుతోంది, 11వ తేదీ రాత్రి అన్నంలో పురుగులు చూశానని చెప్పింది.’ నలభై ఇళ్ల తండాలో అక్కాచెల్లెళ్లిద్దరినీ ఆ బడికే పంపిన ఇల్లు ఎన్ని ఉంటాయి? వార్డెన్ ఒక్కసారి చదివితే చాలు.

ఇదే వాక్యాన్ని ‘హైస్కూలు విద్యార్థిని, సాక్షి 3, ఆ నెల రెండో వారంలో ఒక రాత్రి అన్నంలో పురుగులు చూశానని చెప్పింది’ అని రాస్తే విచారణలో తేలిన విషయం ఏమీ పోదు. తండా, తండ్రి పని, అక్క చదువు ఆ నిర్ధారణకు అక్కరలేనివి. తేదీ నలుగురైదుగురు చెప్పి ఉంటే ఉంచొచ్చు. ఆ పిల్ల ఒక్కతే చెబితే వారం అని రాయాలి. బడిలో నర్సు ఒక్కరే ఉంటే ‘స్టాఫ్ నర్సు’ అనడమూ పేరు చెప్పడమే, ‘సిబ్బందిలో ఒకరు’ అనాలి. సాక్షుల నంబర్లు హాజరు పట్టీ వరసలో వేయకూడదు, వరస తారుమారు చేసి వేయాలి. ఏ నంబరు ఎవరిదో చెప్పే పట్టిక విచారణాధికారి దగ్గర సీల్డ్ కవర్లో ఉండాలి.

ఇక కంప్యూటర్ దగ్గర జరిగే పొరపాట్లు. పీడీఎఫ్‌లో పేరు మీద నల్లడబ్బా గీస్తే అక్షరాలు కింద అలాగే ఉంటాయి. ఆ చోటు కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్టు చేస్తే బయటపడతాయి. వర్డ్ ఫైల్లోనైతే ట్రాక్ చేంజెస్‌లో కొట్టేసిన పాత పేరు, కామెంట్లలో రాసుకున్న నోట్సు కూడా వెళ్లిపోతాయి. మన దగ్గర ఇంకో చిక్కుంది. డీటీపీ సెంటర్లో పాత అను ఫాంట్లలో కొట్టించిన తెలుగు యూనికోడ్ కాదు. అందులో పిల్ల పేరు Ctrl+F తో వెతికితే ‘లేదు’ అని వస్తుంది, పేజీ మీద మాత్రం పేరు కళ్లెదుటే ఉంటుంది. నల్లడబ్బా కింద నుంచి కాపీ చేస్తే పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలు వస్తాయి. అను ఫాంట్ పెడితే మళ్లీ తెలుగు పేరే. అందుకే వెతుకులాటను నమ్మకూడదు, ప్రతి పేజీ కంటితో చదవాలి. తేలికైన దారి: ప్రతిలో పేరు బదులు ‘సాక్షి 3’ అని కొట్టి, ప్రింటు తీసి, ఆ ప్రింటును స్కాన్ చేసి ఇవ్వడం. మార్కర్‌తో దిద్దిన కాగితాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే అక్షరాలు కనపడొచ్చు కాబట్టి దాని జిరాక్సే ఇవ్వాలి, అదీ వెలుతురులో చూసుకున్నాకే. చివర జతచేసిన హాజరు పట్టీ, సంతకాలు, ఫొటోలు, ఫైలు పేరు కూడా చూడాలి.

ఇన్ని తీసేస్తే తప్పు చేసినవాళ్లు తప్పించుకుంటారు కదా అని ఆర్టీఐ కార్యకర్తలు అడుగుతారు. భయం సబబే. కానీ తీసేయమంటున్నది సాక్షి ఆనవాళ్లు. కాంట్రాక్టరు పేరు, టెండరు మొత్తం, సరుకు దిగిన తేదీలు, బియ్యం చూసి సంతకం పెట్టిన అధికారి హోదా ఇవన్నీ ఉండాలి.

నా అసలు కోపం ఇక్కడే. మన ఆఫీసుల్లో నల్లసిరా తరచు పైవాళ్ల వైపే ఒలుకుతుంది. పిల్ల తండా పేరు మిగులుతుంది, కాంట్రాక్టరు పేరు మాయమవుతుంది. ఆర్టీఐ చట్టంలో వ్యక్తిగత సమాచారం అనే 8(1)(జె) మినహాయింపును 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం ఇంకా వెడల్పు చేసింది. అందులోనే ఉన్న ప్రజాప్రయోజనం మాటను తీసేసింది. అయినా 8(2) అలాగే ఉంది: హాని కంటే ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చు. సాక్షి ప్రాణానికో, భద్రతకో ముప్పుంటే ఆపడానికి 8(1)(జి) వేరే ఉంది. 10వ సెక్షన్ ప్రకారం కొంత భాగం ఆపి మిగతాది ఇస్తే, ఎందుకు ఆపారో, నిర్ణయం ఎవరిదో పేరు, హోదాతో దరఖాస్తుదారుకు రాసి ఇవ్వాలి. కాంట్రాక్టరు పేరు మీద నల్లగీతతో, ఆ వివరం లేకుండా రిపోర్టు చేతికొస్తే, 30 రోజుల్లోపు 19(1) కింద మొదటి అప్పీలు వేయండి. అందులో సాక్షుల పేర్లు మాత్రం అడగొద్దు.