అడిగితే కసురుకుంటారు, అడక్కపోతే మునుగుతారు

మా ఓనరు మెసేజ్ చూడండి: "రమణకు 18 వేసేయ్." అంతే, ఇంకేం లేదు. గాంధీ రోడ్డులోని మా బట్టల షాపుకు రమణలు ఇద్దరు, ఒకాయన ఆటోలో మూటలు తెస్తాడు, ఇంకొకాయన నగరి నుంచి చీరలు పంపుతాడు. 18 అంటే వందలా, వేలా? ఫోన్ చేసి అడిగితే "ఆ మాత్రం తెలీదా" అని కసురు. తెలీదు సార్! యూపీఐలో పిన్ కొట్టాక వెనక్కి లాక్కునే బటన్ ఉండదు, డబ్బు క్షణాల్లో అవతలి ఖాతాలో పడిపోతుంది, కంప్లైంటు పెట్టినా అవతలి మనిషి ఒప్పుకోకపోతే బ్యాంకు తనంతట తాను తీసి ఇవ్వదు. పిన్‌కు ముందు బ్యాంకులో ఉన్న పేరు కనిపిస్తుంది, నిజమే, కానీ ఇద్దరూ వెంకటరమణలే అయితే (తిరుపతిలో ఆ పేరుకు కొదవా?) అది చూసి ఏం తేల్చుకోవాలి?

అందుకే "నగరి రమణ, చీరల బాకీ, 18,000 రూపాయలు, పంపనా?" అని రాసి పెట్టా. జవాబుగా ఒక బొటనవేలు వచ్చింది. చూశాననా, పంపమనా? మళ్లీ ఫోన్ చేస్తే కట్ చేశాడు. సరే, డబ్బు ఖాతాలోనే ఉంటుంది, ఆ రమణే ఆయనకు ఫోన్ చేసుకుంటాడు.